ఏ వాయువు ముందు బయటపడుతుంది?

శ్రోతలకు నమస్కారం. విజయవాడ, గుంటూరు కళాశాలల్లో ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదువుతున్నవారికి గ్రాహం నియమం తెలిసిందే. దానితో కేవలం ఒక గడియారం సాయంతో తెలియని వాయువు బరువు ఎలా పట్టుకోవచ్చో ఈరోజు చెప్తాను.

పలుచని రేకుకు సూదిమొన కంటే సన్నని రంధ్రం చేసి, దాని గుండా వాయువును శూన్యంలోకి వదిలితే అది నిస్సరణం. ఉష్ణోగ్రత ఒకటే అయితే అన్ని వాయువుల అణువులకూ సగటు గతిజశక్తి ఒకటే. కాబట్టి బరువైన అణువు నెమ్మదిగా కదులుతుంది. బరువు ఎన్ని రెట్లయితే, వేగం దాని వర్గమూలమంత రెట్లు తగ్గుతుంది, అదే గ్రాహం నియమం. ఆక్సిజన్ మోలార్ ద్రవ్యరాశి 32, హైడ్రోజన్‌ది 2. ఆక్సిజన్ పదహారు రెట్లు బరువు. పదహారుకు వర్గమూలం నాలుగు. అంటే హైడ్రోజన్ నాలుగు రెట్ల వేగంతో బయటపడుతుంది. హైడ్రోజన్‌కు 2కు బదులు 1 వేసుకుంటే లెక్క మొదట్లోనే చెడుతుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది కాలం దగ్గర. వేగం ఎక్కువైతే పట్టే కాలం తక్కువ. అందుకే వేగాల నిష్పత్తిలో ద్రవ్యరాశులు తలకిందులవుతాయి, కాలాల నిష్పత్తిలో తిన్నగా ఉంటాయి. ఒకే పీడనం, ఒకే ఘనపరిమాణం తీసుకున్నామనుకుందాం. ఆక్సిజన్‌కు 80 సెకన్లు పడితే హైడ్రోజన్‌కు 20 సెకన్లు చాలు. సమాధానం 320 వచ్చిందంటే భిన్నం తిరగబడిందన్నమాట. తేలిక వాయువుకు ఎక్కువ కాలం పట్టదు కదా!

ఇప్పుడు అదే పరికరంలో తెలియని వాయువును పంపితే 94 సెకన్లు పట్టింది. 94ను 80తో భాగిస్తే 1.175. దాని వర్గం సుమారు 1.38. దాన్ని 32తో గుణిస్తే 44కు కాస్త పైన. కార్బన్ డయాక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 44. అయితే తొందరపడకూడదు. నైట్రస్ ఆక్సైడ్, ప్రొపేన్ కూడా దాదాపు 44 గలవే. గడియారం బరువు చెబుతుంది, పేరు చెప్పదు. సున్నపు తేటను తెల్లబరిస్తే కార్బన్ డయాక్సైడ్ అని తేల్చుకోవచ్చు.

మన మే నెల ఎండలో ఈ ప్రయోగం చేసినా ఫరవాలేదు, రెండు వాయువులూ ఒకే వేడిమిలో ఉంటే చాలు. ఒకదాన్ని పొద్దున, రెండోదాన్ని మిట్టమధ్యాహ్నం కొలిస్తేనే చిక్కు.

రంధ్రం విషయంలో మాత్రం నేను పట్టుదలగా ఉంటాను. అది పొడవాటి సన్నని గొట్టంలా ఉంటే, అణువులు ఒకదానినొకటి ఢీకొంటూ సాగుతాయి, అప్పుడు వాయువు స్నిగ్ధతదే పైచేయి. ఆక్సిజన్, హైడ్రోజన్ కాలాల మధ్య నాలుగు రెట్ల తేడా రావలసిన చోట రెండు రెట్ల పైచిలుకే కనిపిస్తుంది. అందుకే తెలియని వాయువు జోలికి వెళ్లేముందు ఈ రెండింటినీ పంపి చూడండి. నాలుగు రాకపోతే రేకు మార్చండి. నమస్కారం.