వేడి తీసేస్తేనే ముందుకు సాగే చర్య: గంధకామ్లం ఎలా తయారవుతుంది?

[దృశ్యం: తొడుగు వేసుకున్న అరచేతిలో ఉంగరం ఆకారపు చిన్న గుళిక. పసుపు, నారింజ కలిసిన రంగు.]

నా చేతిలో ఉన్నదాన్ని చూస్తే మీకు చేగోడీ గుర్తుకు రావచ్చు. పరిమాణం చిటికెన వేలి గోరంత, నడుమ రంధ్రం. దీన్ని తినేవాళ్లు ఎవరూ లేరు గానీ, ఇలాంటివి లక్షల కొద్దీ పరిచిన పొరల గుండా వేడి వాయువును పంపితేనే ఈ రోజుల్లో గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం, తయారవుతుంది. తొడుగు ఎందుకంటే ఇందులో వనేడియం ఉంది. దాని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వాయువు ఈ గుళికలను తాకుతూ పోతుంది కనుక దీనికి స్పర్శ విధానం అని పేరు. పాఠ్యపుస్తకంలో మూడు సమీకరణాలతో ముగిసిపోతుంది. కర్మాగారంలో మాత్రం కథంతా వేడి చుట్టూనే తిరుగుతుంది. ఆ వేడి వెంటే మనమూ వెళదాం.

[దృశ్యం: తెరపై మూడు సమీకరణాలు ఒకదాని తర్వాత ఒకటి.]

S + O2 → SO2
SO2 + ½ O2 ⇌ SO3
SO3 + H2O → H2SO4

రోజుకు 1000 టన్నుల ఆమ్లం చేసే కర్మాగారాన్ని ఊహించుకోండి. దానికి రోజూ సుమారు 327 టన్నుల గంధకం కావాలి. మూడు చర్యల్లోనూ వేడి పుడుతుంది. మోలుకు మొదటి చర్యలో 297 కిలోజౌళ్లు, రెండో దానిలో 99, మూడో దానిలో దాదాపు 132. మొత్తం 528. లెక్క కడితే టన్ను ఆమ్లానికి 5.4 గిగాజౌళ్లు, మన కర్మాగారానికి ఏకధాటిగా 62 మెగావాట్లకు పైగా. బయటి నుంచి ఇంధనం కొనకుండా నడిచే పెద్ద పొయ్యి ఇది. మొదటిసారి వెలిగించేటప్పుడు మాత్రం లోపలంతా వేడెక్కించడానికి నూనె కాల్చక తప్పదు.

[దృశ్యం: కరిగిన గంధకాన్ని కొలిమిలోకి చిమ్ముతున్న బొమ్మ. నీలి మంట.]

కరిగించిన గంధకాన్ని పొడి గాలిలోకి సన్నగా చిమ్మి కాలుస్తారు. గాలి పొడిగా ఉండాలన్న పట్టింపుకు కారణం ఉంది. తేమ ఉంటే ముందుకు వెళ్లాక ఆమ్లపు పొగమంచు ఏర్పడి ఇనుప గొట్టాలను తినేస్తుంది. అందుకే బయటి గాలిని ముందుగా గాఢ గంధకామ్లంతోనే కడిగి ఆరబెడతారు. కొలిమి నుంచి బయటికి వచ్చే వాయువు వేడి సుమారు 1000 డిగ్రీలు దాటి ఉంటుంది. అందులో సల్ఫర్ డైఆక్సైడ్ 10 శాతం చిల్లర. దాన్ని నేరుగా బాయిలర్ గొట్టాల గుండా పంపి 420 డిగ్రీలకు దించుతారు. తొలి ఆవిరి ఇక్కడే పుడుతుంది.

మరి 420 దగ్గరే ఎందుకు ఆగాలి? ఇంకా చల్లబరిస్తే ఇంకా ఆవిరి వస్తుంది కదా? జవాబు ఈ చేగోడీలో ఉంది.

[దృశ్యం: గుళికను సగానికి విరిచి దగ్గరగా చూపడం. తర్వాత లోపలి రంధ్రాల బొమ్మ.]

గుళికలో ఎక్కువ భాగం డయాటమైట్ అనే తెల్ల మట్టి. ఎప్పుడో నీటిలో బతికిన సూక్ష్మజీవుల సిలికా పెంకులే ఆ మట్టి, అందుకే అంతా రంధ్రాలమయం. వనేడియం పెంటాక్సైడ్ బరువులో 7 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. దానికి పొటాషియం లవణాలు తోడు. చేత్తో పట్టుకుంటే గట్టి పదార్థమే. కానీ పనిచేసే వేడిలో ఆ లవణాలు, వనేడియం కలిసి కరిగి, రంధ్రాల గోడలపై పలచని ద్రవపు పొరగా పాకుతాయి. చర్య జరిగేది ఆ ద్రవంలో. సల్ఫర్ డైఆక్సైడ్ అందులో కరిగి వనేడియం దగ్గరున్న ఆక్సిజన్‌ను తీసుకుని సల్ఫర్ ట్రైఆక్సైడ్ అవుతుంది. ఆక్సిజన్ కోల్పోయిన వనేడియం గాలిలోని ఆక్సిజన్‌తో లోటు పూడ్చుకుంటుంది. అప్పిచ్చి, మళ్లీ తెచ్చుకుని, మళ్లీ అప్పిచ్చే వ్యాపారం. అసలు మాత్రం తరగదు.

ఇప్పుడు వేడి తగ్గించి చూడండి. 400 డిగ్రీల లోపుకు దిగితే, ఆక్సిజన్ కోల్పోయిన వనేడియం ఆ ద్రవంలోంచి గడ్డకట్టి విడిపోసాగుతుంది. వ్యాపారం కూలబడుతుంది. అందుకే 420. పొటాషియంతో పాటు సీజియం కలిపిన గుళికలు ఇంకా తక్కువ వేడిలో, 380 డిగ్రీల ప్రాంతంలోనూ పనిచేస్తాయి. సీజియం ఖరీదు ఎక్కువ కనుక వాటిని అవసరమైన చోట మాత్రమే వేస్తారు.

వనేడియం కంటే ముందు ప్లాటినం వాడేవారు. 1831లో బ్రిస్టల్‌కు చెందిన పెరిగ్రిన్ ఫిలిప్స్ అనే వినిగర్ వర్తకుడు ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ముడి ఖనిజం నుంచి వచ్చే ఆర్సెనిక్ ఆవగింజంత చేరినా ప్లాటినం చచ్చుబడిపోయేది. వనేడియం ఆ విషాన్ని చాలా మేరకు ఓర్చుకుంటుంది, పైగా చవక.

[దృశ్యం: నాలుగు అంతస్తుల కన్వర్టర్ అడ్డుకోత. ఒక్కో బెడ్ పక్కన ఉష్ణోగ్రతలు.]

ఇక ఈ గుళికల పొరలు అంతస్తులుగా ఉండే కన్వర్టర్. ఒక్కో పొరను బెడ్ అంటారు. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తొలగించుకోవాలి. ఈ గుళికల్లాంటి ఉత్ప్రేరకం చర్యను తొందరపెడుతుంది, అంతే. చివరికి ఎంత సల్ఫర్ ట్రైఆక్సైడ్ అవుతుందన్నది దాని చేతిలో లేదు. అది ఉష్ణోగ్రత చేతిలో ఉంది. ఈ చర్య వేడిని విడుదల చేస్తుంది కనుక, చుట్టూ వేడి పెరిగేకొద్దీ వెనక్కి నడవడానికే మొగ్గుతుంది. 420 డిగ్రీల దగ్గర దాదాపు అంతా మారిపోవడానికి అవకాశం ఉంది. 610 దగ్గర మూడింట రెండు వంతులకు మించి మారదు.

చిక్కు ఎక్కడుందో చూడండి. 10 శాతం సల్ఫర్ డైఆక్సైడ్ ఉన్న వాయువు పూర్తిగా మారితే దాని వేడి సుమారు 300 డిగ్రీలు పెరుగుతుంది. మొదటి బెడ్‌లోకి 420 దగ్గర వెళ్లిన వాయువు 65 శాతం మారేసరికి 190 డిగ్రీలు పెరిగి 610కి చేరుతుంది. అక్కడితో ఆగిపోతుంది. తాను పుట్టించిన వేడే తన దారికి అడ్డం నిలబడింది. ఇంకో పది టన్నుల గుళికలు పోసినా అంగుళం కదలదు.

కదలాలంటే వేడి తీసేయాలి. వాయువును బయటికి తెచ్చి, ఆవిరి గొట్టాల మీదుగానో వాయువుల మధ్య ఉష్ణ మార్పిడి పరికరం గుండానో నడిపి, 440కి దించి రెండో బెడ్‌లోకి పంపుతారు. మళ్లీ కొంత మారుతుంది, మళ్లీ వేడెక్కుతుంది, మళ్లీ చల్లబరిచి మూడో బెడ్‌కు. చర్య సాగడానికి తప్పనిసరిగా తీయవలసిన వేడే అమ్ముకోదగ్గ ఆవిరి అవుతుంది. ఈ విధానంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

[దృశ్యం: మూడో బెడ్ నుంచి శోషణ గోపురానికి, అక్కడి నుంచి నాలుగో బెడ్‌కు గీత.]

మూడో బెడ్ దాటేసరికి 95 శాతం దాకా మారి ఉంటుంది. అప్పుడు వాయువును శోషణ గోపురానికి పంపి, పుట్టిన సల్ఫర్ ట్రైఆక్సైడ్‌ను తీసేస్తారు. ఉత్పత్తిని తొలగిస్తే మిగిలింది ముందుకు నడవక తప్పదు. ఆ మిగిలిన వాయువును మళ్లీ 420 ప్రాంతానికి వేడి చేసి నాలుగో బెడ్‌లోకి పంపితే మొత్తం 99.7 శాతం దాటుతుంది. ఆ వేడి ఎక్కడిది? రెండో, మూడో బెడ్‌ల నుంచి వచ్చే వాయువుదే.

ఇలా రెండుసార్లు శోషించే పద్ధతి 1960లలో వచ్చింది. ఒక్కసారి శోషణతో 98 శాతం వస్తుందనుకుంటే, మన కర్మాగారం పొగగొట్టం నుంచి రోజుకు 13 టన్నుల సల్ఫర్ డైఆక్సైడ్ బయటికి పోతుంది. 99.7 శాతం వస్తే రెండు టన్నులే. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల గొంతుకు ఆ తేడా తెలుస్తుంది.

[దృశ్యం: రెండు వరుసల ఉష్ణోగ్రతల పట్టిక. ఒకటి కొత్త గుళికలతో, ఒకటి ఏడాది తర్వాత.]

ఉత్ప్రేరకం నీరసించిందని ఎలా తెలుస్తుంది? లోపలికి తొంగిచూడనక్కర్లేదు, ఉష్ణోగ్రతలు చెబుతాయి. మొదటి బెడ్‌లో 190 డిగ్రీలు పెరిగేది 150కి తగ్గిందనుకోండి. పూర్తి మార్పుకు 300 అనుకున్నాం కనుక, మార్పిడి 65 నుంచి 50 శాతానికి పడిపోయింది. అదే సమయంలో రెండో బెడ్‌లో పెరుగుదల ఎక్కువవుతుంది, ఎందుకంటే మొదటి బెడ్ మిగిల్చిన పని దాని నెత్తిన పడింది. చివరి దాకా ఎవరో ఒకరు సర్దుకుంటారు కనుక కొంతకాలం పొగగొట్టం దగ్గర ఏమీ కనిపించదు. అక్కడ కనిపించేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది.

మరో సూచన ఒత్తిడి. గంధకంలోని బూడిద మొదటి బెడ్ పైపొరలో పేరుకుని దారి మూసేస్తుంది, గాలి నెట్టే బ్లోయరు ఎక్కువ కరెంటు తింటుంది. వార్షిక మరమ్మతుల్లో ఆ గుళికలను జల్లెడ పట్టి ధూళి తీసి మళ్లీ పోస్తారు. గుళికకు ఉంగరం ఆకారం ఇచ్చింది కూడా వాయువు సులువుగా పోవడానికే.

[దృశ్యం: శోషణ గోపురం. పై నుంచి జారుతున్న ఆమ్లం.]

ఇక మూడో చర్య. సల్ఫర్ ట్రైఆక్సైడ్‌ను నీళ్లలోకి పంపితే సరిపోదా అని అందరూ అడుగుతారు. పంపితే ఆమ్లం దట్టమైన పొగమంచుగా మారి, పట్టు చిక్కకుండా పొగగొట్టం గుండా పోతుంది. అందుకే 98.5 శాతం ప్రాంతపు ఆమ్లంలోనే దాన్ని ఇంకిస్తారు. ఆ గాఢతలో ఆమ్లం నుంచి ఆవిర్లు అతి తక్కువ. తర్వాత కావలసినంత నీళ్లు కలిపి గాఢతను సరిచూస్తారు. పొగగొట్టం నుంచి తెల్లటి తోక సాగుతోందంటే చాలావరకు ఈ గాఢతో, గాలి ఆరబెట్టడమో తప్పినట్టే.

మొత్తం వేడిలో నాలుగో వంతు ఇక్కడే పుడుతుంది. పాత కర్మాగారాల్లో ఆమ్లాన్ని 100 డిగ్రీల ప్రాంతంలోనే ఉంచి, ఆ వేడినంతా చల్లటి నీళ్లకిచ్చి, నీళ్లను గాలికి ఆరబోసేవారు. అంత తక్కువ వేడితో పనికొచ్చే ఆవిరి రాదు. ఆమ్లాన్ని ఇంకా వేడిగా ఉంచుదామంటే అది ఉక్కును తినేస్తుంది. 1980లలో దీనికి దారి దొరికింది. గాఢత 99 శాతం దాటితే, 200 డిగ్రీలకు పైబడిన ఆమ్లాన్ని కూడా కొన్ని స్టెయిన్‌లెస్ ఉక్కు రకాలు తట్టుకుంటాయి. అప్పుడు ఆ ఆమ్లమే బాయిలర్‌లో నీళ్లు కాస్తుంది.

మామూలుగా టన్ను ఆమ్లానికి 1.2 టన్నుల ఆవిరి వస్తే, ఈ ఏర్పాటుతో ఇంకో 0.4 నుంచి 0.5 టన్నులు అదనం. ఆ ఆవిరి ఒత్తిడి తక్కువే. కానీ ఎరువుల కర్మాగారానికి అదే వరం. విశాఖపట్నం లాంటి చోట్ల గంధకామ్లంతో ఫాస్ఫేట్ రాయిని కరిగించి ఫాస్ఫారిక్ ఆమ్లం చేస్తారు. దాన్ని చిక్కబరచడానికి ఇలాంటి ఆవిరే కావాలి. ఎక్కువ ఒత్తిడి ఆవిరి టర్బైన్ తిప్పుతుంది.

[దృశ్యం: నియంత్రణ గది తెర. నీళ్ల వాల్వ్ తెరుచుకున్న శాతం క్రమంగా దిగుతున్న గీత.]

ఇందులో ప్రమాదం ఒకటుంది. బాయిలర్ గొట్టంలో నీళ్ల ఒత్తిడి ఆమ్లం కంటే ఎక్కువ. కనుక గొట్టానికి చిల్లు పడితే నీళ్లు ఆమ్లంలోకే చొరబడతాయి. గాఢత 99 కిందికి దిగుతుంది, అంత వేడిలో పలచబడిన ఆమ్లం ఉక్కును గంటల్లో కొరికేస్తుంది, హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని మొదట పట్టిచ్చేది గాఢత మీటరు కాకపోవచ్చు. గాఢత నిలపడానికి నీళ్లు కలిపే వాల్వ్ ఒకటుంటుంది. ఉత్పత్తి మారకుండానే ఆ వాల్వ్ తనంతట తాను మూసుకుంటూ పోతోందంటే, నీళ్లు ఇంకెక్కడి నుంచో వస్తున్నాయని అర్థం. అది గమనించిన ఆపరేటరు కారణం వెతుకుతూ కూర్చోడు. ముందు గంధకం ఆపి, బాయిలర్‌ను వేరుచేసి, ఆమ్లాన్ని ట్యాంకులోకి దించేస్తాడు.