ఖాజీ పోయాడు, పుస్తకం మిగిలింది

"బ్రిటిష్‌వాళ్లు ముస్లింల కుటుంబ చట్టం జోలికి పోలేదు, షరియత్‌ను ఉన్నదున్నట్టు వదిలేశారు." ఎక్కడ చర్చ జరిగినా ఈ మాట వినిపిస్తుంది, విన్నప్పుడల్లా నాకు చిరాకొస్తుంది. ఎందుకు తప్పో ఒక్క కేసుతో చూద్దాం: భర్త ఏమయ్యాడో తెలియని భార్య.

1880లో పాతికేళ్ల మనిషి ఊరు వదిలి వెళ్లాడనుకోండి. కబురు లేదు, జాడ లేదు. భార్య మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా?

[తెరపై: 1880 → ?]

మన దేశంలో ఎక్కువమంది సున్నీలు పాటించే హనఫీ న్యాయం ప్రకారం, అతని ఈడువాళ్లంతా పోయేదాకా అతను బతికున్నట్టే లెక్క. చాలామంది పండితులు దాన్ని 90 ఏళ్ల వయసుగా కట్టారు. చాంద్రమాన సంవత్సరాలు కాబట్టి ఆవిడ సుమారు 1943 దాకా ఆగాలి. అదే సున్నీల్లోనే మరో న్యాయ సంప్రదాయమైన మాలికీలో అయితే, ఆవిడ ఖాజీ దగ్గర మొర పెట్టుకుంటుంది, ఆయన వాకబు చేయిస్తాడు, జాడ దొరక్కపోతే 4 ఏళ్లు గడువు పెడతాడు. ఆ తర్వాత 4 నెలల 10 రోజుల ఇద్దత్, అంటే మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన కాలం. గడువు లెక్క మొదలయ్యేది భర్త వెళ్లిన రోజు నుంచి కాదు, ఖాజీ ముందుకొచ్చాకే. ఇది గుర్తుపెట్టుకోండి, ఖాజీ లేకపోతే గడియారమే కదలదు.

హనఫీ పండితుడు గత్యంతరం లేనప్పుడు మాలికీ మాట తీసుకోవచ్చు. ఆ వెసులుబాటు సంప్రదాయంలోనే ఉంది. అయితే ధర్మసందేహాలు తీర్చే ముఫ్తీ చెప్పేది అభిప్రాయం, ఖాజీ ఇచ్చేది తీర్పు. ఇద్దరూ ఉంటేనే ఆవిడకు దారి.

ఇప్పుడు కోర్టుల సంగతి. 1772లో వారెన్ హేస్టింగ్స్ పెళ్లి, వారసత్వం లాంటి విషయాల్లో ముస్లింలకు ఖురాన్ న్యాయమే వర్తిస్తుందన్నాడు. ధర్మం చెప్పడానికి కోర్టుల్లో మౌల్వీలను పెట్టారు, తీర్పు మాత్రం ఇంగ్లీషు జడ్జిది. ఆ జడ్జికి మౌల్వీ మాట మీద గురి కుదర్లేదు. తనే చదువుకోవాలనుకున్నాడు. 12వ శతాబ్దపు హనఫీ గ్రంథం హిదాయాను అరబ్బీ నుంచి పారసీలోకి, పారసీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1791లో అచ్చయింది. మదర్సాలో హిదాయాను వ్యాఖ్యానాలతో, వాదప్రతివాదాలతో చదువుతారు. కోర్టులో అదే పుస్తకం సెక్షన్ల చట్టంలా మారింది. పైగా ఒక జడ్జి తీర్పు తర్వాతి జడ్జిని కట్టేస్తుంది. ముఫ్తీకి అలాంటి కట్టుబాటు లేదు, ఎదుట ఉన్న మనిషి అవసరం చూసి చెబుతాడు.

1864 చట్టం కోర్టు మౌల్వీలను, హిందూ పండితులను తీసేసింది. సర్కారు ఖాజీల నియామకాలూ ఆగిపోయాయి. 1880లో ఖాజీల చట్టం తెచ్చారు గానీ, న్యాయాధికారం ఏమీ లేదని అందులోనే రాశారు. నికా దగ్గర కూర్చోవడమే ఆయన పని అయింది.

మన కేసుకు వద్దాం. సరిగ్గా అదే 1880. ఆవిడ మొర పెట్టుకోవడానికి ఖాజీ లేడు, గడియారం కదల్లేదు. 1872 సాక్ష్య చట్టంలో 7 ఏళ్లు కబురు లేకపోతే చనిపోయాడని అనుకోవచ్చన్న సూత్రం ఉండేది. అది సాక్ష్యానికి సంబంధించిన లెక్క. ఆమె నికా తెగిందని దాన్ని బట్టి ఉలమా, అంటే మత పండితులు, ఒప్పుకోరు.

అప్పుడు కొందరు ఆడవాళ్లు, ముఖ్యంగా పంజాబులో, మతం మారారు. భార్య మతం వదిలితే నికా తెగిపోతుందన్నది హనఫీల్లో ప్రబలమైన మాట, కోర్టులు దాన్నే పట్టుకున్నాయి. ఆ గ్రంథాల్లోనే ఆమెను నిర్బంధించి వెనక్కి రప్పించాలనీ ఉంది. అది మాత్రం కోర్టులు అమలు చేయలేదు. మొగుడి పీడ వదలాలంటే మతమే వదలాల్సి రావడం! ఈ చట్టం ఎంత వంకర తిరిగిందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

దేవబంద్ మదర్సా సంప్రదాయపు హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ 1930ల మొదట్లో దీనికి జవాబు రాశారు. మదీనాలోని మాలికీ పండితులను అడిగి, ఖాజీ లేనిచోట ముస్లింల పంచాయతీ ఆ పని చేయొచ్చన్నారు. మతం మారినంత మాత్రాన నికా తెగదన్నారు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ మాటలనే తీసుకుంది. 4 ఏళ్లు జాడ లేకపోతే విడాకులు, డిక్రీ 6 నెలల తర్వాత అమల్లోకి వస్తుంది, ఈలోగా భర్త స్వయంగానో మనిషి ద్వారానో వచ్చి కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే రద్దవుతుంది. మతం మారడం దానంతట అది నికాను తెంచదు. బిల్లులో తీర్పు ముస్లిం జడ్జే ఇవ్వాలన్న షరతు ఉండేది. దాన్ని కొట్టేశారు. అంటే ఉలమా వెతికిన మాలికీ సూత్రం కోర్టుకు చేరింది, వాళ్లు అడిగిన న్యాయమూర్తి చేరలేదు. ఆ డిక్రీతో ధర్మం ప్రకారం నికా తెగదని ఎంతోమంది ఉలమా పట్టుబట్టారు. అందుకే కోర్టు కాగితం చేతిలో ఉన్నా, బీహార్‌లో 1921లో ముస్లింలే సొంతంగా మొదలుపెట్టిన ఇమారత్-ఎ-షరియా లాంటి సంస్థలకు వెళ్లి, ఖాజీ దగ్గర రెండో కాగితం తీసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.