బ్రాండ్ లిఫ్ట్ రిపోర్టు: ఏ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

[తెర మీద: రిపోర్టు మొదటి పేజీ. పెద్ద అక్షరాల్లో “కన్సిడరేషన్ 9.7% పెరిగింది”]

నమస్తే. వరంగల్‌లో ఒక పట్టుచీరల షాపు బతుకమ్మ, దసరా సీజన్‌కు యూట్యూబ్‌లో వీడియో యాడ్ నడిపిందనుకుందాం. ఖర్చు 9 లక్షలు. వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్, జగిత్యాల కలిపి 6 లక్షల మందికి యాడ్ చేరింది. దాంతోపాటు బ్రాండ్ లిఫ్ట్ సర్వే కూడా పెట్టారు. యాడ్ వల్ల షాపు పేరు జనం మనసులో ఎంత పెరిగిందో వాళ్లనే అడిగి కొలిచే సర్వే ఇది. పండుగయ్యాక ఏజెన్సీ వాళ్లు ఈ రిపోర్టు తెచ్చి షాపు సేటు ముందు పెట్టారు. షాపూ, అంకెలూ మేం ఉదాహరణకు వేసుకున్నవే. లెక్క చేసే పద్ధతి మాత్రం నిజం రిపోర్టుల్లో ఉండేదే.

కన్సిడరేషన్ అంటే కొనాలనుకున్నప్పుడు మన షాపుకు వెళ్లే ఆలోచన చేయడం. పైన కనిపిస్తున్న 9.7 శాతంలో కూడికల తప్పేమీ లేదు. అయినా దాన్ని పట్టుకుని “యాడ్ పనిచేసింది” అనడానికి లేదు. ఎందుకో తెలియాలంటే ఆ అంకె ఎలా పుట్టిందో మొదటినుంచి చూడాలి.

[తెర మీద: రెండు గుంపులు. ఒకటి “యాడ్ గ్రూపు”, రెండోది “కంట్రోల్ గ్రూపు”]

యాడ్ చూడటానికి అర్హులైన జనాన్ని ప్లాట్‌ఫామ్ లాటరీ తీసినట్టు రెండుగా విడదీస్తుంది. ఒక గుంపుకు మన యాడ్ వస్తుంది. రెండో గుంపులో ఉన్న మనిషికి మన యాడ్ రావాల్సిన సమయంలోనే దాన్ని ఆపి, ఇంకెవరిదో యాడ్ వేస్తారు. ఇదే కంట్రోల్ గ్రూపు. తర్వాత రెండు గుంపుల్లోనూ కొందరికి వీడియో మొదలయ్యే ముందు ఒక ప్రశ్న కనిపిస్తుంది.

[తెర మీద: ఫోన్‌లో సర్వే. “వీటిలో ఏ షాపు వీడియో యాడ్ ఈ మధ్య చూశారు?” కింద నాలుగు షాపుల పేర్లు, చివర “ఇవేవీ కావు”]

ఇది యాడ్ రీకాల్ ప్రశ్న, అంటే యాడ్ గుర్తుందా అని అడగడం. కన్సిడరేషన్‌కు ప్రశ్న వేరు: “పట్టుచీర కొనాలంటే వీటిలో ఏ షాపుకు వెళ్లే ఆలోచన చేస్తారు?” పేర్ల వరుస ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా మారుతుండాలి. లేకపోతే పైన ఉన్న పేరుకు ఊరికే నాలుగు ఓట్లు ఎక్కువ పడతాయి. పోటీ షాపుల పేర్లు కూడా జనం నిజంగా ఎక్కి దిగే షాపులవే పెట్టాలి. ఎవరికీ తెలియని పేర్లు పెడితే మనకు ఓట్లు పెరుగుతాయి, కానీ రెండు గుంపుల్లోనూ పెరుగుతాయి. తేడా గురించి అది చెప్పేదేమీ ఉండదు.

ఇలాంటి సర్వేల్లో సాధారణంగా ఒక మనిషికి ఒక్క ప్రశ్నే వేస్తారు. అంటే రీకాల్‌కు జవాబిచ్చినవాళ్లు వేరు, కన్సిడరేషన్‌కు జవాబిచ్చినవాళ్లు వేరు. కాబట్టి “యాడ్ గుర్తున్నవాళ్లే షాపుకు రావాలనుకుంటున్నారు” అనే మాట ఈ రిపోర్టులోంచి రాదు. ఆ రెండింటినీ ఒకే మనిషి దగ్గర ఎవరూ అడగలేదు.

[తెర మీద: రీకాల్. యాడ్ గ్రూపు 2,000 జవాబుల్లో 560. కంట్రోల్ 2,000 జవాబుల్లో 440]

ముందు రీకాల్ చూద్దాం. యాడ్ గ్రూపులో 28 శాతం మంది మన షాపు పేరు నొక్కారు. కంట్రోల్ గ్రూపులో 22 శాతం.

ఆ 22 దగ్గర కాసేపు ఆగాలి. వీళ్లకు మన యాడ్ చూపించనే లేదు. అయినా ప్రతి వంద మందిలో 22 మంది “చూశాం” అన్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. హన్మకొండ చౌరస్తాలో మన హోర్డింగ్ చూసి ఉంటారు, పొద్దున పేపర్లో పెట్టి పంపిన కరపత్రం చూసి ఉంటారు. పేరు గుర్తుంటుంది, ఎక్కడ చూశామన్నది గుర్తుండదు. ఇంకొందరు “పేరున్న షాపు కదా, యాడ్ వేసే ఉంటారు” అని ఊహించి నొక్కుతారు. మరికొందరికి వీడియో త్వరగా మొదలైతే చాలు, ఏదో ఒకటి నొక్కేస్తారు. ఈ మూడు రకాలవాళ్లూ యాడ్ గ్రూపులోనూ దాదాపు అంతే మంది ఉంటారు, ఎందుకంటే విడదీసింది లాటరీ పద్ధతిలో. అందుకే “28 శాతం మందికి మా యాడ్ గుర్తుంది” అని రాస్తే అది తప్పు. యాడ్ వల్ల కలిసింది 28లోంచి 22 తీసేయగా మిగిలిన 6 పాయింట్లే.

కంట్రోల్ గ్రూపు అవసరం ఇక్కడే తెలుస్తుంది. కొందరు పండుగకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సర్వే చేసి తేడా చూపిస్తారు. సద్దుల బతుకమ్మ దగ్గరపడుతుంటే చీరల షాపులన్నీ జనం నోట్లో నానుతాయి. ఆ పెరుగుదలంతా యాడ్ ఖాతాలో పడిపోతుంది. యాడ్ పూర్తిగా చూసినవాళ్లనూ స్కిప్ చేసినవాళ్లనూ పోల్చడం కూడా అలాంటిదే. చీరల మీద మనసున్నవాళ్లే కదా యాడ్‌ను చివరిదాకా చూసేది.

ఇప్పుడు ఆ 6 పాయింట్లు ఎంత గట్టివో చూద్దాం. మనం అడిగింది కొందరినే, అందరినీ కాదు. ఇంకో 4,000 మందిని అడిగితే 6 బదులు 4 రావచ్చు, 8 రావచ్చు. ఎక్సెల్‌లో ఒక్క వరుసతో ఈ ఊగిసలాట ఎంతో తెలుస్తుంది.

```
=1.96*SQRT(0.28*0.72/2000+0.22*0.78/2000)
```

జవాబు 0.027, అంటే 2.7 పాయింట్లు. కాబట్టి అసలు పెరుగుదల 3.3కూ 8.7కూ మధ్య ఉండొచ్చు. ఇది 95 శాతం భరోసాతో వేసిన హద్దు. కింది హద్దు సున్నాకు బాగా పైన ఉంది కాబట్టి, రీకాల్‌ను యాడ్ పెంచిందని ధైర్యంగా చెప్పొచ్చు.

[తెర మీద: కన్సిడరేషన్. యాడ్ గ్రూపు 2,000లో 340. కంట్రోల్ 2,000లో 310]

కన్సిడరేషన్‌కు వద్దాం. ఇటు 17 శాతం, అటు 15.5 శాతం. తేడా ఒకటిన్నర పాయింట్లు. మొదట చూసిన 9.7 ఎక్కడిదంటే, ఈ 1.5ను 15.5తో భాగించారు. దీన్ని రిలేటివ్ లిఫ్ట్ అంటారు. మొదలు ఎంత చిన్నదైతే ఈ శాతం అంత పెద్దగా కనిపిస్తుంది. కంట్రోల్ 3 శాతం ఉన్న కొత్త షాపుకు ఇదే ఒకటిన్నర పాయింట్లు “50 శాతం పెరుగుదల” అయిపోతుంది. రిలేటివ్ లిఫ్ట్ రాయొద్దని అనడం లేదు. దాని పక్కనే 15.5 నుంచి 17 అని కూడా రాయాలి. అది లేకుండా శాతం ఒక్కటే కనిపిస్తే, ఆ రెండు అంకెలూ అడిగి తీసుకోండి.

[తెర మీద: ఎక్సెల్ గడిలో సూత్రం]

```
=1.96*SQRT(0.17*0.83/2000+0.155*0.845/2000)
```

ఈసారి 2.3 పాయింట్లు వస్తుంది. అంటే అసలు తేడా 0.8 పాయింట్లు తగ్గడం నుంచి 3.8 పాయింట్లు పెరగడం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మధ్యలో సున్నా ఉంది. కొన్ని ప్లాట్‌ఫామ్‌లు 95 బదులు 90 శాతం భరోసాతో చూపిస్తాయి. సూత్రంలో 1.96 తీసి 1.645 పెట్టి చూడండి, అప్పుడు కూడా హద్దు సున్నాను దాటి కిందికే పోతుంది.

దీనికి రెండు తప్పుడు అర్థాలు చెప్తుంటారు. ఒకటి, “దాదాపు 10 శాతం పెరిగింది”. రెండోది, “యాడ్ వల్ల కన్సిడరేషన్ ఏమీ పెరగలేదు”. రెండోది కూడా మనకు తెలిసినదానికంటే ఎక్కువ చెప్పడమే. నిజంగా 3 పాయింట్లు పెరిగి ఉండొచ్చు, ఆ హద్దులో అదీ ఉంది. ఈ సర్వే చెప్పగలిగింది ఒక్కటే: ఇంత చిన్న తేడాను పట్టుకోవడానికి 2,000 జవాబులు సరిపోలేదు.

మరి ఎన్ని కావాలి? తేడా నిజంగా ఒకటిన్నర పాయింట్లే ఉంటే, ఐదింట నాలుగు సార్లు దాన్ని పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో దాదాపు 9,500 జవాబులు కావాలి. అదే 3 పాయింట్ల తేడా అయితే 2,500 చాలు. తేడా సగమైతే జవాబులు దాదాపు నాలుగింతలు కావాలన్నమాట. ఈ లెక్క యాడ్ మొదలుపెట్టకముందే వేసుకోవాలి.

[తెర మీద: వయసు, స్త్రీ–పురుషుల వారీగా 12 గడుల పట్టిక. ఒక గడి ఆకుపచ్చ]

మొత్తం మీద ఫలితం తేలకపోతే రిపోర్టులో తర్వాత వచ్చే పేజీ ఇదే. “25 నుంచి 34 ఏళ్ల ఆడవాళ్లలో కన్సిడరేషన్ 8 పాయింట్లు పెరిగింది.” ఇటు 250 మంది, అటు 250 మంది, 22 శాతానికీ 14 శాతానికీ తేడా. సూత్రంలో వేస్తే హద్దు 1.3 నుంచి 14.7. సున్నా దాటింది కాబట్టి గెలిచినట్టే కనిపిస్తుంది. పెళ్లి వయసు ఆడపిల్లలు, పట్టుచీరలు, కథ కూడా చక్కగా అతుకుతుంది. నమ్మాలనిపించేది అందుకే.

కానీ ఏజెన్సీ చూసింది ఒక గడి కాదు, 12 గడులు. యాడ్ ఎవరి మీదా ఏమాత్రం పనిచేయకపోయినా, 12 గడుల్లో కనీసం ఒకటి ఇలా సున్నా దాటి కనిపించే అవకాశం 46 శాతం. పైగా అది పెరగడమే కానవసరం లేదు, తగ్గడమూ కావచ్చు. ఈ గుంపు సంగతి తేల్చాలనుందని సర్వేకు ముందే రాసుకుని ఉంటే ఆ గడికి విలువ ఉంది. తర్వాత వెతికి తీసింది వచ్చే సర్వేలో పరీక్షించాల్సిన అనుమానం, అంతే.

[తెర మీద: “36,000 లిఫ్టెడ్ యూజర్లు. ఒక్కొక్కరికి 25 రూపాయలు”]

ఇక ఈ 36,000. లిఫ్టెడ్ యూజర్లు అంటే యాడ్ వల్లే రీకాల్ కలిగినవాళ్లు. 6 లక్షల మందిలో 6 శాతం అని వేసిన రీకాల్ లెక్క ఇది. హద్దులు కూడా పెడితే దాదాపు 20,000 నుంచి 52,000 దాకా, అంటే తలకు 17 నుంచి 45 రూపాయల దాకా అవుతుంది. 25 అని ఒక్క అంకే రాసి పోయిన ఏడాది 30తో పోల్చి “చవకైంది” అనడం కుదరదు. పైగా వీళ్లు కొనుగోలుదారులు కాదు. సర్వే సాధారణంగా యాడ్ చూసిన కొద్ది గంటల నుంచి కొన్ని రోజుల లోపే అడుగుతుంది. నెల తర్వాత పెళ్లి బట్టలకు బయలుదేరినప్పుడు గుర్తుంటుందా అన్నది అందులో లేదు. ఇదే పద్ధతిలో కన్సిడరేషన్‌కు తలసరి ఖర్చు వేయనేకూడదు. కింది హద్దు సున్నా కంటే కిందికి పోయినప్పుడు దేనితో భాగిస్తాం?

రిపోర్టులో సేటుకు రాసి ఇవ్వాల్సింది ఇలా ఉంటుంది.

[తెర మీద: వాక్యాలు ఒక్కొక్కటిగా]

“యాడ్ చూపించినవాళ్లలో రీకాల్ 22 నుంచి 28 శాతానికి పెరిగింది. పెరుగుదల 6 పాయింట్లు, హద్దు 3.3 నుంచి 8.7. కన్సిడరేషన్ 15.5 నుంచి 17కు వచ్చింది, కానీ హద్దులో సున్నా ఉంది కాబట్టి తేలలేదు. ఇది వీడియో యాడ్ ఒక్కదాని ప్రభావం. హోర్డింగులు, కరపత్రాలు రెండు గుంపులూ చూశాయి కాబట్టి వాటి ప్రభావం ఇందులో కనిపించదు. అమ్మకాలను ఈ సర్వే కొలవలేదు.”

వచ్చే సీజన్‌కు సేటు తేల్చుకోవాల్సింది కన్సిడరేషనే అయితే, రీకాల్ ప్రశ్న తీసేసి జవాబులన్నీ ఆ ఒక్క ప్రశ్నకే మళ్లించమని ఏజెన్సీకి చెప్పొచ్చు. అప్పుడు 4,000 బదులు 8,000 జవాబులొస్తాయి, గుంపుకు 4,000. దాంతో రెండున్నర పాయింట్ల తేడా ఉంటే దొరుకుతుంది, ఒకటిన్నర ఉంటే చాలాసార్లు జారిపోతుంది. ఆ ఒకటిన్నర పాయింట్ల కోసం ఇంకా డబ్బు పెట్టడం షాపుకు గిట్టుబాటవుతుందా లేదా అన్నది సర్వే పెట్టకముందే సేటుతో కూర్చుని తేల్చుకోవాలి.