ఫీల్డ్ వర్కర్ ఇంటర్వ్యూ: "డబ్బు ముఖ్యం కాదండీ" అనే ముందు ఈ వీడియో చూడండి

నమస్కారం అండి. స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ వర్కర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తున్నవాళ్ల కోసం ఈ వీడియో. నేను ఊళ్లు తిరిగాను. తర్వాత కొన్నేళ్లు బల్లకి ఇవతలి వైపు కూర్చుని ప్రశ్నలు అడిగాను. ఆ గదిలో మామూలుగా వచ్చే మూడు ప్రశ్నల్ని ఒకే ఉదాహరణ మీద పెట్టి చూద్దాం.

ఉదాహరణకి గద్వాల వైపు నడిగడ్డ తీసుకుందాం, కృష్ణకీ తుంగభద్రకీ మధ్య ప్రాంతం. అక్కడ సీడు పత్తి, అంటే విత్తనాల కోసం వేసే పత్తి సాగు ఎక్కువ. దాదాపు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా క్రాసింగ్ పనులు నడుస్తాయి. సాయంత్రం మొగ్గలు ఒలిచి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. ఈ పనికి ఆడపిల్లల్ని బడి మాన్పించి తీసుకెళ్లడం చాలా ఏళ్లుగా ఉన్న సమస్య. మీరు వెళ్లిన సంస్థ ఆ పిల్లల్ని తిరిగి బడికి పంపే పని చేస్తోంది అనుకోండి.

మొదటి ప్రశ్న: "కొత్త ఊరికి వెళ్తున్నారు. ఏం చేస్తారు?"

ఎక్కువమంది ఇలా చెప్తారు: "సర్పంచ్ గారిని కలిసి, మీటింగ్ పెట్టి, చదువు గురించి అవగాహన కల్పిస్తానండి." ఇది తప్పని కాదు. కానీ ఇది విన్నాక, మీరు ఊళ్లో అడుగుపెట్టారా లేదా అన్నది మాకు తెలియదు. వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాం: "ఏ టైముకి వెళ్తారు?" పొద్దున పదింటికి అంటే అయిపోయినట్టే. క్రాసింగ్ రోజుల్లో ఆ టైముకి ఇళ్లకి తాళాలుంటాయి. చేలనుంచి అందరూ తిరిగొచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టే వేళకి వెళ్తానన్న మనిషి ఊరు ఎరిగిన మనిషి.

ఇంకో సంగతి. బడి హాజరు పట్టీ మొదట చూస్తానని చెప్పండి. పేరు రిజిస్టర్లో ఉంటుంది, పిల్ల మాత్రం వారాల తరబడి రాదు. బడి మానేసిన పిల్లల లిస్టులో ఆ పేరు ఎక్కడా కనబడదు, ఎందుకంటే కాగితం మీద ఆ పిల్ల బడిలోనే ఉంది. అంగన్‌వాడీ టీచర్నో ఆశా కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు ఒక్కొక్కటే అడిగితే అసలు లెక్క బయటపడుతుంది.

తర్వాత తల్లితో మాట. ఇక్కడ చాలామంది "చదువు విలువ చెప్తాను" అంటారు. ఆ తల్లికి చదువు విలువ తెలుసండి. ఆమె చేతులు కట్టేసింది అడ్వాన్సు. పని మొదలవక ముందే రైతు దగ్గర డబ్బు తీసుకుని ఉంటారు. అది తేలే దాకా పిల్ల చేను వదల్లేదు. ఈ మాట మీ నోట వస్తే ప్యానెల్ నిటారుగా కూర్చుంటుంది.

వెంటనే ఒక చిక్కు ప్రశ్న వస్తుంది, జాగ్రత్త. "ఆ అడ్వాన్సు మన సంస్థే కట్టేస్తే పోలేదా?" అవునని అనకండి. ఒకసారి కడితే, వచ్చే ఏడు ఇంకో పదిళ్లకి ధైర్యంగా అడ్వాన్సులిస్తారు. పైగా అప్పు చూపించి మనిషిని పనికి కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించింది, అలాంటి అప్పు కట్టనక్కర్లేదు కూడా. కాబట్టి బేరాలు కుదర్చడం మీ పని కాదు. "పిల్లకి 14 ఏళ్లు నిండలేదని తేలితే సూపర్‌వైజర్‌కి రాతపూర్వకంగా చెప్తాను, ప్రమాదంలో ఉంటే 1098కి ఫోన్ చేస్తాను" అనండి. బడి వైపు పని మాత్రం మీదే. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి. హెడ్మాస్టరు గారితో ఆ మాట మర్యాదగా ఎలా అంటారో ఇంట్లో ఒకసారి పైకి అని చూసుకోండి.

రెండో ప్రశ్న మీద ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే చాలామంది జారిపోయేది ఇక్కడే. "మీకు 12 ఊళ్లు. నెలకి ప్రయాణానికి 2,500 రూపాయలు. ఎలా చేస్తారు?"

"ఎలాగోలా సర్దుకుంటానండి, అవసరమైతే నా చేతి డబ్బు పెట్టుకుంటాను" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ చేతి డబ్బు రెండు నెలలొస్తుంది. మూడో నెల ఊరికి వెళ్లడం ఆగుతుంది, రిజిస్టర్లో మాత్రం వెళ్లినట్టు పడుతుంది. అలాంటి రిజిస్టర్లు నేను చూశాను. ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో నెల మొత్తం రాసి ఉంటాయి.

అందుకని లెక్క చెప్పండి. తెర మీద రాస్తున్నా, చూడండి. పెట్రోలు, బండి రిపేరు కలిపి కిలోమీటరుకి రెండున్నర రూపాయలు అనుకుందాం. ఊరికి పోను రాను 40 కిలోమీటర్లు. అంటే ఒక్కో ట్రిప్పుకి 100 రూపాయలు, నెలకి 25 ట్రిప్పులు. 12 ఊళ్లకీ సమానంగా పంచితే ఊరికి రెండుసార్లు. చూడ్డానికి న్యాయంగా ఉంది. కానీ సగంమంది పిల్లలు నాలుగు ఊళ్లలోనే ఉంటే ఆ పంపకం దండగ.

ఆ నాలుగు ఊళ్లకి వారానికోసారి వెళ్తే 16 ట్రిప్పులు. మిగతా ఎనిమిది ఊళ్లని ఒకే దారిలో ఉన్నవి చూసుకుని జతలు కట్టండి. నాలుగు జతలు, నెలకి రెండుసార్లు, 8 ట్రిప్పులు. మొత్తం 24. ఒకటి అత్యవసరానికి మిగిలింది. ఆ ఎనిమిది ఊళ్లలో వెళ్లని వారాల్లో పొదుపు సంఘం లీడరుకి ఫోన్ చేసి, ఏ పిల్ల బడికి రాలేదో పేరుతో సహా అడుగుతారు.

అప్పుడు ప్యానెల్ అంటుంది: "సరే, ఆ డబ్బులో సగం తగ్గించాం." ఇది మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు. నిధులు ఆలస్యం కావడం ఈ రంగంలో నిజంగా జరుగుతుంది. "అప్పుడు ఈ ఎనిమిది ఊళ్లకి నెలకి ఒకేసారి వెళ్తాను, పిల్లలు ఎక్కువున్న నాలుగు ఊళ్లకి పదిహేను రోజులకోసారి వెళ్తాను. కొందరు పిల్లలు తిరిగి చేలకి పోవచ్చు, ఆ మాట ముందే రాసి ఇస్తాను" అనండి. నాలుగు రెండ్లు ఎనిమిది, జతలకి నాలుగు, మొత్తం 12 ట్రిప్పులు, 1,200 రూపాయలు. ఏది ఆగిపోతుందో చెప్పగలిగిన మనిషినే మేం నమ్ముతాం.

ఇక మూడోది. "జీతం తక్కువ. ఎందుకొస్తున్నారు?"

"డబ్బు ముఖ్యం కాదు, సేవే ముఖ్యం" అన్నవాళ్లని చూస్తే మాకు భయమేస్తుంది. నాలుగు నెలలకి ఇంట్లో అద్దె కట్టాల్సొస్తుంది, మానేస్తారు. ఆ ఊళ్లో తల్లులు అప్పుడప్పుడే మనసు విప్పుతుంటారు. కొత్త మనిషి వస్తే మళ్లీ గడప బయటినుంచి మొదలు.

ఒకమ్మాయి జవాబు నాకింకా గుర్తుంది. "సార్, ఇంటికి నెలకి ఆరు వేలు పంపాలి. నేను ఈ మండలంలోనే ఉంటాను కాబట్టి మీరిచ్చేది సరిపోతుంది. రెండేళ్లు ఉంటానని మాటిస్తాను. తర్వాత సూపర్‌వైజర్ కావాలనుంది" అంది. ఎందుకీ పని అని అడిగితే, రెండేళ్లుగా వాళ్ల అరుగు మీద పిల్లలకి సాయంత్రం చదువు చెప్తున్నానంది. నేను అడిగింది ఒక్కటే: "మధ్యలో ఎవరు మానేశారు?" ఇద్దరి పేర్లు చెప్పింది. ఒకడు అన్నతో ఇటుక బట్టీకి వెళ్లాడంది. ఇంకో పిల్ల కోసం వాళ్లింటికి తను మూడుసార్లు వెళ్లిందట, మూడోసారి ఆ పిల్ల నాన్న తలుపు తీయలేదట. నిజంగా చేసినవాళ్లకి చేజారిన పిల్లల పేర్లు గుర్తుంటాయి. ఆమెను తీసుకున్నాం.

మీకు సంస్థ అనుభవం లేకపోయినా పర్లేదు. పక్కింటి అవ్వకి పింఛను కోసం మండల ఆఫీసు చుట్టూ తిరిగారా? ఎన్నిసార్లు తిరిగారు, ఏ కాగితం దగ్గర ఆగింది, చివరికి వచ్చిందా లేదా? రాలేదంటే రాలేదనే చెప్పండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. అడగండి. ప్రాజెక్టు ఎన్నేళ్లు, నిధులు ఏడాదికోసారి పొడిగించేవా? ప్రయాణ ఖర్చు నెలలోపు ఇస్తారా? పీఎఫ్ ఉందా? నా ముందు ఈ ఊళ్లు చూసినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు? జీతం గురించి అడిగితే సేవాభావం లేదనుకుంటారేమో అని వెనకాడొద్దు. ఇవి అడిగితే మొహం చిట్లించే సంస్థ అయితే, ఆ సంగతి చేరకముందే తెలిసింది.

కొన్ని సంస్థలు రెండో రౌండుగా ఊరికి తీసుకెళ్తాయి. ఒక ఇంటి ముందు నిలబెట్టి "మాట్లాడండి" అంటారు. అక్కడ మేం చూసేది చాలా చిన్న విషయాలు. కుర్చీ తెచ్చేదాకా నిలబడతారా, ఆమె కూర్చున్న గట్టు మీదే కూర్చుంటారా? పేరడగకముందే పుస్తకం తీసి రాయడం మొదలుపెడతారా? ఆమె చింతపండు గింజలు తీస్తుంటే, మాట్లాడుతూ మీరూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంటారా?