మార్చి 31న ఫార్వర్డ్ కాంట్రాక్టుకు విలువ కట్టడం ఎలా?
(అకౌంటెంట్ల అధ్యయన బృందంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈరోజు ఒకే ఒక్క లావాదేవీ తీసుకుని దాని చివరిదాకా వెళ్దాం. గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లు జనవరి 15న విదేశీ కంపెనీకి యంత్రం ఆర్డరు ఇచ్చింది అనుకోండి. ధర 5,00,000 డాలర్లు. యంత్రం రావడం, డబ్బు కట్టడం రెండూ జూన్ 30నే. ఆర్డరు ఇచ్చిన రోజు స్పాట్ రేటు 83 రూపాయలు. జూన్ దాకా డాలరు ఎక్కడికి పోతుందో తెలియదు కాబట్టి, అదే రోజు బ్యాంకుతో జూన్ 30కి ఫార్వర్డ్ బుక్ చేశారు. బ్యాంకు ఇచ్చిన రేటు 84.

పైనున్న ఆ రూపాయిని చాలామంది బ్యాంకు తీసుకునే ఫీజు అనుకుంటారు. అందులో బ్యాంకు మార్జిన్ కొంత ఉంటుంది గానీ, ప్రధానంగా అది రూపాయి వడ్డీకీ డాలరు వడ్డీకీ ఉన్న తేడా. మన దగ్గర వడ్డీ ఎక్కువ కాబట్టి ముందు తేదీకి డాలరు కొంటే ప్రీమియం పడుతుంది. జూన్ 30 డాలరుకు ఆరోజు మార్కెట్ ధరే 84 కాబట్టి, బుక్ చేసిన రోజున ఈ కాంట్రాక్టు విలువ దాదాపు సున్నా. పుస్తకాల్లో ఎంట్రీ ఏమీ లేదు. ఆర్డరుకు కూడా ఎంట్రీ లేదు. యంత్రం రాలేదు, అప్పు ఇంకా పుట్టలేదు. ఏడాది చివర క్యాపిటల్ కమిట్‌మెంట్ల నోట్‌లో మాత్రం ఆ ఆర్డరు కనిపిస్తుంది.

ఇక మార్చి 31. స్పాట్ 83.40. జూన్ 30కి ఫార్వర్డ్ రేటు 83.70. ఇక్కడే ఒకే కాంట్రాక్టుకు మూడు రకాల జవాబులు వస్తాయి.

మొదటివాళ్లు స్పాట్‌ను స్పాట్‌తో పోలుస్తారు. 83 నుంచి 83.40కి పెరిగింది, మనం డాలర్లు కొని పెట్టుకున్నాం, కాబట్టి 2,00,000 లాభం అంటారు. రెండోవాళ్లు కాంట్రాక్టు రేటు 84ను ఆనాటి స్పాట్ 83.40తో పోల్చి 3,00,000 నష్టం రాస్తారు. రెండూ తప్పే. మార్చి 31న మన చేతిలో ఉన్నది ఆరోజు డాలరు కాదు, ఇంకో 91 రోజులకు రాబోయే డాలరు. దాన్ని ఇప్పుడు మార్కెట్లో కొత్తగా బుక్ చేస్తే 83.70కి దొరుకుతుంది, మనం మాత్రం 84 ఇస్తామని ఒప్పుకున్నాం. అంటే డాలరుకు 30 పైసలు ఎక్కువ. మొత్తం మీద 1,50,000 నష్టం.

ఆ తేడా మన జేబులోంచి పోయేది జూన్ 30న. దాన్ని మార్చి 31 విలువకు తీసుకురావాలి. 91 రోజులకు 7 శాతం చొప్పున డిస్కౌంట్ చేస్తే 1,47,427 రూపాయలు వస్తుంది. రెండున్నర వేల తేడాకు ఇంత హంగామా ఎందుకని అడగొచ్చు. మూడు నెలల కాంట్రాక్టుకు అది చిన్నదే. మూడేళ్ల కాంట్రాక్టుల దస్తా ఉన్న కంపెనీలో అదే తేడా ఆడిటర్ ఆగి అడిగేంత పెద్దదవుతుంది.

ఇంతకీ 83.70 ఎక్కడ దొరుకుతుంది? ఎఫ్‌బీఐఎల్ రోజువారీ రిఫరెన్స్ రేటుతో పాటు ఫార్వర్డ్ ప్రీమియాలు కూడా ప్రకటిస్తుంది. మన గడువు ఆ ప్రీమియాల గడువుల మధ్యలో పడితే రోజుల లెక్కన సర్దుకుంటాం. చాలామంది బ్యాంకు పంపే మార్క్ టు మార్కెట్ స్టేట్‌మెంటు మీద ఆధారపడతారు. దాన్ని తీసుకోవచ్చు, కానీ కళ్లు మూసుకుని కాదు. కొన్ని స్టేట్‌మెంట్లు బ్యాంకు వైపు నుంచి రాసి ఉంటాయి. అందులో ప్లస్ గుర్తుతో కనిపించే 1,47,427 బ్యాంకుకు లాభం, మనకు నష్టం. గుర్తు తారుమారైతే దాదాపు మూడు లక్షల తేడా వస్తుంది. కాబట్టి ముందు మీరే 83.70కీ 84కీ తేడా చూసుకుని, నష్టమా లాభమా తేల్చుకున్నాకే ఆ కాగితం తెరవండి.

ఇప్పుడు ఎంట్రీ. ఇండ్ ఏఎస్ వర్తించే కంపెనీ అయి, హెడ్జ్ అకౌంటింగ్ ఎంచుకోకపోతే, 1,47,427 లాభనష్టాల ఖాతాకు డెబిట్, డెరివేటివ్ అప్పుకు క్రెడిట్. యాజమాన్యం దీన్నే జీర్ణించుకోలేదు. జూన్ 30 డాలరు ఫార్వర్డ్ రేటు తగ్గడం వల్ల యంత్రం చవకైంది కదా, నష్టమెక్కడిది అంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. తక్కెడలో ఒక పళ్లెం మాత్రమే పుస్తకాల్లోకి ఎక్కింది. ఆర్డరు బయటే ఉంది, దాన్ని కాపాడే కాంట్రాక్టు లోపల ఉంది.

ఈ వంకర సరిచేసేదే హెడ్జ్ అకౌంటింగ్. ఖాయమైన ఆర్డరు మీద కరెన్సీ రిస్కును ఫెయిర్ వాల్యూ హెడ్జ్‌గానైనా, క్యాష్ ఫ్లో హెడ్జ్‌గానైనా చూపే వెసులుబాటు ఇండ్ ఏఎస్ 109 ఇస్తుంది. యంత్రం కొనేవాళ్లకు రెండోది సుఖం అని నా అభిప్రాయం. అప్పుడు 1,47,427 లాభనష్టాల్లోకి రాదు, ఇతర సమగ్ర ఆదాయం ద్వారా హెడ్జ్ రిజర్వులో కూర్చుంటుంది.

జూన్ 30న స్పాట్ 84.60 అయిందనుకుందాం. కాంట్రాక్టు మనకు డాలరుకు 60 పైసలు మిగిల్చింది, అంటే 3,00,000 లాభం. మార్చి 31న 1,47,427 నష్టంలో ఉన్నది ఇక్కడికి రావాలంటే కొత్త ఏడాదిలో 4,47,427 లాభం చూపాలి. బ్యాంకుకు కట్టింది 84 చొప్పున 4,20,00,000. యంత్రాన్ని మాత్రం ఆనాటి స్పాట్‌తో 4,23,00,000కు రాసుకుంటాం. హెడ్జ్ అకౌంటింగ్ ఉంటే రిజర్వులోని 3,00,000 యంత్రం ధరలోంచి తగ్గించి, పుస్తకాల్లో సరిగ్గా 4,20,00,000 నిలబెడతాం. లేకపోతే ఒక ఏడాది నష్టం, మరో ఏడాది అంతకు మూడింతల లాభం, ఆపైన ఎక్కువ ధర మీద ఏళ్ల తరబడి డిప్రిసియేషన్. కట్టిన డబ్బు మాత్రం రెండు దారుల్లోనూ ఒకటే.

హెడ్జ్ అకౌంటింగ్ చెడేది చాలాసార్లు లెక్కలో కాదు, కాగితంలో. ఏ ఆర్డరును, ఏ కాంట్రాక్టుతో, ఏ రిస్కు కోసం, ఏ నిష్పత్తిలో హెడ్జ్ చేస్తున్నామో, తేడాలు ఎక్కడి నుంచి రావచ్చో మొదట్లోనే రాసిపెట్టాలి. మార్చి చివరి వారంలో తయారుచేసి జనవరి 15 తేదీ వేస్తే చెల్లదు. ఆ కాగితం పుట్టిన రోజు నుంచే హెడ్జ్ అకౌంటింగ్ మొదలవుతుంది, అంతకుముందు మార్పంతా లాభనష్టాల్లోకే పోతుంది. బుకింగ్ ఈమెయిల్ వెళ్లిన రోజే ఒక పేజీ రాసి, సంతకం చేసి, ఆర్డరు నంబరు, డీల్ నంబరు పక్కపక్కన పెట్టడం పావుగంట పని.

పాత ఏఎస్‌ల్లో ఉన్న కంపెనీలు ఒక విషయం గమనించాలి. ఏఎస్ 11లో ప్రీమియాన్ని కాంట్రాక్టు కాలమంతా పంచే పద్ధతి, ఇప్పటికే పుస్తకాల్లో ఉన్న అప్పు లేదా ఆస్తికి హెడ్జ్ అయితేనే. మన ఉదాహరణలో మార్చి 31కి అప్పే లేదు. అలాంటి కాంట్రాక్టులకు ఐసీఏఐ 2015లో తెచ్చిన డెరివేటివ్ కాంట్రాక్టుల గైడెన్స్ నోట్ చూడాలి. అలవాటు కొద్దీ ఇక్కడా ప్రీమియం పంచేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

చివరగా ఆదాయపు పన్ను. ఖాయమైన ఆర్డరుకు హెడ్జ్‌గా తీసుకున్న ఫార్వర్డ్‌లో తేడాను ఐసీడీఎస్ 6 సెటిల్‌మెంట్ అయినప్పుడే గుర్తిస్తుంది. మార్చి 31న లాభనష్టాల్లో రాసిన 1,47,427 ఆ ఏడాది పన్ను లెక్కలో చెల్లదు. కంప్యుటేషన్‌లో వెనక్కి కలపాలి, ఆ మేరకు డెఫర్డ్ ట్యాక్స్ ఆస్తి పెట్టాలి. సరఫరా ఆలస్యమై చెల్లింపు సెప్టెంబరుకు జరిగితే జూన్ కాంట్రాక్టు తనంతట తాను సాగదు. పాత 84 రేటు మీద బ్యాంకు పొడిగించదు. జూన్‌లో దాన్ని ఆనాటి రేటుకు తేల్చుకుని, సెప్టెంబరుకు కొత్త రేటుతో మళ్లీ బుక్ చేయాలి. అందుకే మార్చి 31న విలువ కట్టేముందు సరఫరాదారు నుంచి తాజా షిప్‌మెంట్ తేదీ రాతపూర్వకంగా తెప్పించుకోండి.