దారం ఏ మూలన ఆగాలి?

శ్రోతలకు నమస్కారం. క్రాస్ స్టిచ్ చార్టులో ఒక గడి అంటే బట్ట మీద ఒక కుట్టు. గడిలో ఉన్న గుర్తు ఏ రంగుదో పక్కనున్న పట్టికలో చూసుకుంటాం. లెక్క తప్పకుండా ప్రతి 10 గడులకూ ఒక ముదురు గీత ఉంటుంది. ఇంతవరకు తేలికే. ఒకే చోట ఎన్నో రంగులు చెల్లాచెదురుగా కలిసిపోయిన చిత్రాలతోనే చిక్కు.

అలాంటి చిత్రంలో 10 అడ్డం, 10 నిలువు గడుల ముక్కను పూర్తిగా నింపి, ఆ తరువాతే పక్క ముక్కకు వెళ్లడం మేలు. ఈ ముక్కలో ఆకుపచ్చ పని అయిపోయిందనుకోండి. దారం కత్తిరించకండి. పక్క ముక్కలో అదే గుర్తు ఎక్కడుందో చూసి, ఆ గడిలో కుట్టు మొదలయ్యే మూల నుంచి దారాన్ని పైకి తీసి, సూది విప్పి వదిలేయండి. దీన్నే దారం పార్క్ చేయడం అంటారు. అక్కడికి చేరుకున్నాక మళ్లీ లెక్కపెట్టే పని ఉండదు. ఆకుపచ్చ దారం ఆగిన గడిలో చార్టు మరో రంగు చూపిస్తే, వెనక ఎక్కడో ఒక గడి తప్పినట్టే. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు లాభం ఇదే. తరువాతి గడి మరీ దూరంగా ఉంటే మాత్రం దారం ముగించేయాలి. లేత బట్ట వెనక సాగిన ముదురు దారం ముందుకు కనబడుతుంది.

అర కుట్టు అంటే ఒకే ఏటవాలు గీత. లేత నీడలకూ దూరపు ఆకాశానికీ వాడతారు. పట్టికలో దానికి వేరే గుర్తు, కొన్నిసార్లు తక్కువ పోగులు ఉంటాయి. అది గమనించక పూర్తి కుట్టు వేస్తే వెనక ఉండాల్సిన ఆకాశం ముందుకు వచ్చేస్తుంది.

ముప్పావు కుట్టు దగ్గర మరింత శ్రద్ధ కావాలి. ఒక ఆకు అంచు గడిని ఏటవాలుగా కోస్తోంది. కుడి పై మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు, ఎడమ కింది మూలన చిన్న నీలం గుర్తు. ఆకు ముందుంది కాబట్టి ముప్పావు దానికి, పావు నీలానికి. ముందు నీలాన్ని ఎడమ కింది మూల నుంచి గడి మధ్యలోకి దించండి. తరువాత ఆకుపచ్చను కుడి పై మూల నుంచి మధ్యలోకి దించి, ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఏటవాలుగా వేయండి. ఆ ఏటవాలు గీతే ఆకు అంచు. అది అడ్డం తిరిగితే అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. ఐడా బట్టలో గడి మధ్య రంధ్రం ఉండదు, అందుకని ఆ ఒక్క కుట్టుకు మొన ఉన్న సూది తీసుకోండి.

అందుకే ఇలాంటి గడికి దారం పార్క్ చేసేటప్పుడు, అలవాటైన ఎడమ కింది మూలన కాక, ఆ రంగు గుర్తున్న మూలనే ఆపండి. ఈ గడిలో ఆకుపచ్చకు అది కుడి పై మూల.