టాపిక్ కాదు, ఆఖరి లైను చదవండి

తమ్ముడు: నమస్కారం అండి, భీమవరం నుంచి మాట్లాడుతున్నాం. ఇవాళ ఐఈఎల్టీఎస్ ఇంగ్లీషు పరీక్షలో రైటింగ్ టాస్క్ టూ, అంటే ఎస్సే రాసే ప్రశ్న. ఎస్సేలు నేర్పించే మా అక్కని కూర్చోబెట్టాను. అక్కా, అగ్రీ డిజగ్రీ, డిస్కస్ బోత్ వ్యూస్, ప్రాబ్లమ్ సొల్యూషన్, ఈ మూడు రకాల ప్రశ్నలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయని చాలామంది అడుగుతున్నారు.

అక్క: కలిసిపోతాయిరా మరి, అందరూ టాపిక్ చదివేసి రాయడం మొదలెట్టేస్తారు, అడిగింది చదవరు. మన టాపిక్కే తీసుకుందాం, వరి చేలు రొయ్యల చెరువులైపోవడం. టాపిక్ అలాగే ఉంచి ఆఖరి లైను మారుస్తాను, ప్లాన్ ఎంత మారిపోతుందో చూడు.

తమ్ముడు: కానియ్ అక్కా.

అక్క: మొదటిది. "వరి చేలను చెరువులుగా తవ్వడం ప్రభుత్వం నిషేధించాలని కొందరంటున్నారు. టు వాట్ ఎక్స్‌టెంట్ డు యు అగ్రీ ఆర్ డిజగ్రీ?" ఏ రకం?

తమ్ముడు: సమ్ పీపుల్ అని ఉందిగా, డిస్కస్ బోత్ వ్యూస్ అనుకుంటారు.

అక్క: అదిగో, ఎక్కువమంది పడేది అక్కడే! సమ్ పీపుల్ అన్నది మూడు రకాల్లోనూ రావచ్చు, దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు. ఇక్కడ ఉన్నది ఒక్కటే అభిప్రాయం, నిషేధించాలని. దాంతో నువ్వు ఎంతవరకు ఒప్పుకుంటావన్నదే ప్రశ్న. అందుకని ప్లాన్‌లో ముందు నీ మాట ఒక్క వాక్యంలో రాసుకోవాలి. నేనైతే "మొత్తం నిషేధం వద్దు, కాలవ నీరు బాగా అందే చేలల్లో మాత్రం ఆపాలి" అని రాసుకుంటా. ఒక పేరాలో మొత్తం నిషేధం ఎందుకు వద్దు, సముద్రం దగ్గర ఉప్పు తేలిన చేలల్లో వరి సరిగ్గా పండదు, అక్కడి రైతుకి చెరువే ఆధారం. ఇంకో పేరాలో కాలవ కింద చేలల్లో ఎందుకు ఆపాలి, చెరువులో ఉప్పునీరు పక్కవాడి చేలోకి ఊరి అది పాడవుతుంది. రెండు పేరాలూ పైన రాసిన ఆ వాక్యాన్నే మోస్తున్నాయి చూశావా.

తమ్ముడు: మరి ఒక పేరా లాభాలు, ఒక పేరా నష్టాలు రాస్తే?

అక్క: నీ మాట ఎక్కడుందో చదివేవాళ్లకి దొరకదు, టాస్క్ రెస్పాన్స్‌లో, అంటే అడిగినదానికి జవాబు చెప్పావా అన్నదాంట్లో, మార్కు పడిపోతుంది. మార్కులేసే నాలుగు అంశాల్లో అదొకటి, నాలుగూ సమానమే, కాబట్టి ఇంగ్లీషు ఎంత బాగున్నా ఆ దెబ్బ తగులుతుంది.

తమ్ముడు: రెండోది?

అక్క: "తన భూమి ఏం చేసుకోవాలో రైతు ఇష్టమని కొందరు, తిండిగింజలు పండే భూమిని ప్రభుత్వం కాపాడాలని ఇంకొందరు. డిస్కస్ బోత్ దీస్ వ్యూస్ అండ్ గివ్ యువర్ ఓన్ ఒపీనియన్." ఇప్పుడు ఇద్దరు మనుషులున్నారు, ఇద్దరి మాటా నువ్వు చెప్పాలి. మొదటి పేరా రైతు వైపు, వరిలో ఖర్చులు పోగా మిగిలేది తక్కువ, అప్పులున్నోడు రొయ్య వైపు ఎందుకు వెళ్తాడు అన్నది. రెండో పేరా అవతలి వైపు, తవ్విన చేను మళ్లీ వరికి రావడం కష్టం అన్నది. "వాళ్ల వాదన ఏంటంటే" అన్నట్టు రాయాలి, లేకపోతే రెండూ నువ్వే అన్నట్టుండి ఒకదానికొకటి కొట్టుకుంటాయి. నీ అభిప్రాయం ఈ రెండిటికీ ముందు ఇంట్రడక్షన్‌లోనే ఒక లైను చెప్పెయ్, చివర మళ్లీ చెప్పు. చాలామంది రెండు వైపులూ బ్రహ్మాండంగా రాసి ఇది మర్చిపోతారు, లేదా నచ్చని వైపుకి రెండు లైన్లే ఇస్తారు. సమానంగా కాకపోయినా దానికీ ఒక కారణం, ఒక ఉదాహరణ ఉండాలి.

తమ్ముడు: ఇంక ప్రాబ్లమ్ సొల్యూషన్ తేలికేగా?

అక్క: గుర్తుపట్టడం తేలికే, ప్లాన్‌లోనే పోతుంది. "చెరువుల వల్ల తీర ప్రాంత గ్రామాల్లో ఏ సమస్యలొస్తున్నాయి, వాటినెలా పరిష్కరించొచ్చు?" అంటే కాగితం మధ్యలో గీత గియ్, ఎడమ పక్క సమస్య, కుడి పక్క దాని ఎదురుగానే పరిష్కారం. పక్క చేలోకి ఉప్పు ఊరుతోంది, ఎదురుగా చెరువులన్నీ ఒకే చోటకి పరిమితం చేసి మధ్యలో మురుగు కాలవ తవ్వించడం. బావి నీళ్లు ఉప్పెక్కాయి, ఎదురుగా పంచాయతీ కుళాయి నీళ్లివ్వడం. జత కుదరని సమస్యని కొట్టెయ్యాలి, రెండు జతలు చాలు, నాలుగు పెడితే నాలుగూ లైనుకొకటై తేలిపోతాయి. "గవర్నమెంట్ అవేర్‌నెస్ తేవాలి" అని మాత్రం రాయకండి, ఎవరు ఏం చేస్తే ఏ సమస్య తగ్గుతుందో అందులో ఏమీ లేదు.

తమ్ముడు: నిషేధం మంచిదా కాదా అని ఇందులో రాయొచ్చా?

అక్క: నిషేధం ఒక పరిష్కారంగా పెట్టుకో, వాదన వద్దు. ఇంకోటి, ఒక్కోసారి సమస్యలు కాకుండా కాజెస్ అడుగుతారు. అప్పుడు ఎడమ పక్క ఉప్పు, బావులు కాదు, రైతులు చెరువుల వైపు ఎందుకెళ్తున్నారో రాయాలి, పరిష్కారం కూడా ఆ కారణానికి తగిలేదే, వరికి గిట్టుబాటు ధర లాంటిది. ఉన్నది నలభై నిమిషాలు, రాయాల్సింది కనీసం 250 పదాలు, అందులో మొదటి ఐదు నిమిషాలు ఈ గీతలకే ఇచ్చెయ్యండి.